రోజు విడిచి రోజు మాత్ర, తేదీ మారే బిల్లు, తిథి పుట్టినరోజు: ఫోన్‌లో రిమైండర్లు ఎలా పెట్టుకోవాలి?

గుణుపురం_కోడలు

అందరికీ నమస్కారం. మా అత్తయ్యగారికి థైరాయిడ్ మాత్ర మోతాదు మార్చారు. ఇంతకుముందు రోజూ 75 మైక్రోగ్రాముల మాత్ర వేసుకునేవారు. ఇప్పుడు డాక్టరుగారు ఒక రోజు 100, మరునాడు 75, మళ్లీ 100, ఇలా మార్చి మార్చి వేసుకోమని చీటీ మీద రాసి, ఎనిమిది వారాల తరవాత రక్తపరీక్ష చేయించుకుని రమ్మన్నారు. ఆవిడ గుణుపురంలో ఒక్కరే ఉంటారు. నేనూ మావారూ రాయగడలో ఉంటాం కాబట్టి రోజూ పొద్దున్నే పక్కన నిలబడి ఏ మాత్రో చెప్పే వీలు లేదు.

ఆవిడ దగ్గర మామూలు ఆండ్రాయిడ్ ఫోన్ ఉంది. గడియారం యాప్‌లో అలారం పెట్టబోతే ఆది, సోమ, మంగళ అని వారాలు ఎంచుకోవడమే తప్ప రోజు విడిచి రోజు మోగించే వీలు కనిపించలేదు. దీనికి సరైన పద్ధతి ఏమిటి? ఇదే ఫోన్‌లో కరెంటు బిల్లు, మొబైల్ రీఛార్జి, మనవల పుట్టినరోజులు కూడా పెట్టి ఇవ్వాలని మా ఆలోచన. అన్నింటికీ ఒకే పద్ధతి పనికొస్తుందా, లేక దేనికి దానికి వేరేగా పెట్టాలా?

నాగావళి_రాయగడ

దీనికి ఫోన్‌లో ప్రత్యేకంగా ఏమీ వెతకనక్కరలేదండి. బేసి తేదీల్లో 100, సరి తేదీల్లో 75 అని అత్తయ్యగారికి చెప్పండి. అలారం రోజూ ఆరింటికి మోగేలా పెట్టి, గోడమీది క్యాలెండరులో తేదీ చూసుకోమనండి. మా నాన్నగారికి ఒక మందు ఇలాగే అలవాటు చేశాం. పెద్దవాళ్లకు ఇది సులువుగా గుర్తుంటుంది.

జయపురం_లెక్కలమాస్టారు

నాగావళిగారు చెప్పింది నెల మధ్యలో సరిగ్గానే నడుస్తుంది, నెల చివర తప్పుతుంది. మార్చి 31 బేసి తేదీ, ఏప్రిల్ 1 కూడా బేసి తేదీయే, కాబట్టి ఆ రెండు రోజులూ వరసగా 100 పడుతుంది. సంవత్సరంలో 31 రోజుల నెలలు ఏడు ఉన్నాయి. ఏడుసార్లూ ఇదే జరుగుతుంది. ఫిబ్రవరికి 29 రోజులు వచ్చిన ఏడాది మరొకసారి కూడా జరుగుతుంది.

వారాలు ఎంచుకునే పద్ధతిలోనూ ఇలాంటి చిక్కే ఉంది. ఆది, మంగళ, గురు, శనివారాల్లో 100, మిగతా మూడు రోజుల్లో 75 అని పెడితే శనివారం 100, ఆదివారం కూడా 100 అవుతుంది. వారంలో ఉన్నవి ఏడు రోజులు, అది బేసి సంఖ్య, కాబట్టి రెండు రోజుల వరస వారానికి ఎప్పటికీ సరిపోదు.

నిజంగా రోజు విడిచి రోజు కావాలంటే తేదీతోనూ వారంతోనూ పని లేకుండా రోజులను మాత్రమే లెక్కపెట్టే నియమం కావాలి. అది గడియారం యాప్‌లో ఉండదు, క్యాలెండర్ యాప్‌లో ఉంటుంది. గూగుల్ క్యాలెండర్ అయితే కొత్త ఈవెంటు తెరిచి, Does not repeat అని ఉన్నచోట నొక్కి, Custom ఎంచుకుని, ప్రతి 2 రోజులకు అని పెట్టాలి. మీరు మార్చి 1, 2026 ఆదివారం నాడు మొదలుపెడుతున్నారనుకుందాం. ఆ తేదీ నుంచి "100 మాత్ర" అనే ఈవెంటు ప్రతి 2 రోజులకు, మార్చి 2 నుంచి "75 మాత్ర" అనే ఈవెంటు ప్రతి 2 రోజులకు పెట్టండి. అప్పుడు మార్చి 31న 100 వస్తుంది, ఏప్రిల్ 1న 75 వస్తుంది. ఏప్రిల్ నెలంతా బేసి తేదీల్లో 75 పడుతుంది. చూడడానికి తలకిందులైనట్టు ఉంటుంది కానీ డాక్టరుగారు రాసినది అదే.

ఒక మాట ముఖ్యంగా చెప్పాలి. ఆ నియమానికి ముగింపు తేదీ పెట్టండి. ఎనిమిది వారాలకు పరీక్ష అన్నారు కదా, మార్చి 1 నుంచి ఎనిమిది వారాలు ఏప్రిల్ 26తో సరి. ముగింపు Never అని వదిలేస్తే, పరీక్ష తరవాత మోతాదు మారినా ఫోన్ మాత్రం పాత మోతాదే చెబుతూ ఉంటుంది.

కాశీనగరం_రైతు

రెండు మాత్రలనూ సగం సగం చేసి రోజూ కలిపి వేసుకుంటే సరిపోతుంది కదా? లెక్క అంతే అవుతుంది. ఫోన్ గొడవ ఉండదు. మా ఇంట్లో బీపీ మాత్ర సగం చేసుకునే వేసుకుంటారు.

మహేంద్రతనయ_మందులు

పర్లాకిమిడిలో చాలా కాలం మందుల దుకాణంలో పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను. కాశీనగరంగారూ, దయచేసి ఆ సలహా ఇవ్వకండి. ఈ మందు మైక్రోగ్రాముల లెక్కలో పనిచేస్తుంది. చేత్తో విరిచిన మాత్ర సరిగ్గా సగం అవుతుందన్న నమ్మకం లేదు, విరిచి మిగిలిన ముక్క తడికి, వెలుతురుకు చెడిపోతుంది. మీ ఇంట్లో బీపీ మాత్ర మధ్యలో గీత ఉన్నదై, డాక్టరే సగం చేయమని చెప్పి ఉంటే అది వేరే సంగతి.

అయితే మీరన్న లెక్కలో ఒక మంచి దారి ఉంది. 75, 100 మార్చి మార్చి వేసుకుంటే సగటున రోజుకు 87.5 అవుతుంది. మన దేశంలో ఇదే మందు 88 మైక్రోగ్రాముల మాత్రగా కూడా దొరుకుతుంది. అది రోజూ ఒకే మాత్ర, ఒకే అలారం. చిన్న ఊళ్లలో దుకాణాలు దాన్ని నిల్వ ఉంచకపోవచ్చు గానీ రెండు మూడు రోజుల ముందు చెబితే తెప్పిస్తారు. ఇంట్లో పాత 75 మాత్రలు మిగిలి ఉన్నాయని డాక్టరుగారు ఇలా రాశారా, లేక వేరే కారణం ఉందా అన్నది కోడలుగారు ఆయననే అడగాలి. మనంతట మనం మార్చకూడదు.

మాస్టారుగారు వారాల పద్ధతిని పూర్తిగా కొట్టేశారు, అక్కడ నాకు కొంచెం భిన్నాభిప్రాయం ఉంది. ఈ మందు శరీరంలో సగానికి తగ్గడానికే సుమారు ఏడు రోజులు పడుతుంది. అందువల్ల శని, ఆదివారాల్లో వరసగా 100 పడినా వారం మొత్తానికి 612.5 బదులు 625 అవుతుంది, ఆ తేడా పెద్దది కాదు. చాలామంది డాక్టర్లు ఈ మందును వారాల పేర్లతోనే రాస్తారు, ఎందుకంటే పెద్దవాళ్లకు ఇవాళ ఏ వారమో తెలుస్తుంది గానీ నిన్న ఏ మాత్ర వేసుకున్నారో గుర్తుండదు. కానీ ఈ మాట థైరాయిడ్ మాత్రకే చెల్లుతుంది. రక్తం పలచబడే మందులు కూడా కొందరికి రోజుకొక మోతాదుగా రాస్తారు. అక్కడ చీటీలో ఉన్న వరసను ఒక్క రోజు కూడా మార్చకూడదు. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోవాలి. దాన్ని పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు వస్తుంది. అలాంటి మందుకు రిమైండర్ పెట్టేటప్పుడు ప్రతి వారం, బుధవారం అని వారం పేరుతోనే పెట్టాలి, రిమైండర్ పేరులోనూ "బుధవారం మాత్రమే" అని రాయాలి.

పాతపట్నం_సెల్‌పాయింట్

నేను ఫోన్లు బాగుచేస్తుంటాను. నియమం సరిగ్గా పెట్టినా మోగకపోతే ఏం లాభం? అందుకని ఈ సంగతి చెబుతున్నాను. క్యాలెండర్ రిమైండర్ ఒక్కసారి చిన్న శబ్దం చేసి ఊరుకుంటుంది. పెద్దావిడ పెరట్లో ఉంటే అది వినపడదు. రాత్రిపూట ఫోన్‌ను నిశ్శబ్దంగా ఉంచే డు నాట్ డిస్టర్బ్ పొద్దున ఆరింటి దాకా ఉంటే అసలు శబ్దమే రాదు. గడియారం అలారం అలా కాదు. మనం ఆపేవరకూ మోగుతుంది, మనమే మార్చి ఉండకపోతే డు నాట్ డిస్టర్బ్‌లోనూ మోగుతుంది.

అందుకని ఈ రెండు పనులనూ విడదీయమని నా సలహా. మోగే పని గడియారానికి ఇవ్వండి: రోజూ ఆరింటికి ఒకే అలారం, దాని పేరు "థైరాయిడ్ మాత్ర". ఏ మాత్రో చెప్పే పని క్యాలెండరుకు ఇవ్వండి: 100, 75 ఈవెంట్లు మాస్టారుగారు చెప్పినట్టు. క్యాలెండర్ విడ్జెట్‌ను ఫోన్ మొదటి తెర మీద పెద్దగా పెడితే, అలారం ఆపగానే ఇవాళ్టి మాత్ర ఏదో కనిపిస్తుంది. క్యాలెండర్ శబ్దం వినపడకపోయినా నష్టం లేదు.

మందుల కోసం వేరే యాప్ దించుకునేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. చాలా కంపెనీల ఫోన్లు బ్యాటరీ ఆదా కోసం వాడకంలో లేని యాప్‌ను నిద్రపుచ్చుతాయి. సెట్టింగ్స్‌లో ఆ యాప్ బ్యాటరీ వాడకాన్ని Unrestricted చేయాలి, ఆటోస్టార్ట్ ఉంటే దాన్ని తెరిచి పెట్టాలి, నోటిఫికేషన్ అనుమతి ఇవ్వాలి. ఆండ్రాయిడ్ 14 నుంచి కొత్తగా దించుకున్న చాలా యాప్‌లకు సరిగ్గా నిమిషానికి మోగే అనుమతి తనంతట రాదు; Alarms & reminders అన్న చోట మనమే ఇవ్వాలి. ఫోన్‌తో వచ్చిన గడియారానికి ఈ తిప్పలు ఉండవు.

పరీక్షించే పద్ధతి కూడా చెబుతాను. దుకాణంలో చాలామంది రెండు నిమిషాల తరవాతకు రిమైండర్ పెట్టి, మోగగానే సంతోషపడి వెళ్లిపోతారు. అప్పుడు ఫోన్ మేలుకునే ఉంటుంది కాబట్టి ఏ యాప్ అయినా మోగుతుంది. రాత్రి పడుకునే ముందు తెల్లవారుజామున ఐదింటికి ఒకటి పెట్టి, ఛార్జింగ్ తీసేసి, ఫోన్ ముట్టుకోకుండా ఉంచండి. అప్పుడు టైముకు మోగితేనే ఆ యాప్‌ను నమ్మవచ్చు. అరగంట ఆలస్యంగా మోగినా, తెర తెరిచాక మోగినా బ్యాటరీ సెట్టింగ్ ఇంకా సరికాలేదన్నమాట.

గుణుపురం_కోడలు

అలారం ఒకచోట, మాత్ర పేరు ఒకచోట అన్న ఆలోచన నాకు చాలా నచ్చింది. ఇంకో ఇబ్బంది ఉంది. అత్తయ్యగారు ఇంట్లో మాట్లాడేది తెలుగే గానీ చదువుకున్నది ఒడియా బడిలో. తెలుగు కూడబలుక్కుని చదువుతారు, ఇంగ్లీషు చదవలేరు. క్యాలెండర్‌లో రిమైండర్ పేరు ఏ భాషలో రాయాలి?

ఇంకొకటి అడగాలి. ఏదైనా ఒక రోజు ఆవిడ మాత్ర మరిచిపోతే మరుసటి రోజు వరస ఎలా? మిగిలిపోయిన 100 వేసుకోవాలా, ఫోన్ చెప్పిన 75 వేసుకోవాలా?

జయపురం_లెక్కలమాస్టారు

పేరు ఒడియాలోనే రాయండమ్మా. ఈవెంటు పేరులో ఏ లిపి అయినా పడుతుంది, ఫోన్ భాషతో దానికి సంబంధం లేదు. పేరులో మొట్టమొదట అంకె రావాలి, ఎందుకంటే విడ్జెట్‌లో పొడుగు పేరు చివర తెగిపోతుంది. "100" అని మొదలై, తరవాత మిగతా మాట ఉండాలి. రెండు ఈవెంట్లకూ వేర్వేరు రంగులు ఇచ్చి, అవే రంగుల కాగితం ముక్కలు మాత్రల డబ్బాల మీద అంటిస్తే చదవకుండానే పోల్చుకోవచ్చు.

మరిచిపోయిన రోజు గురించి నా పరిధిలో చెప్పగలిగింది ఇదే. క్యాలెండర్‌కు మీరు మాత్ర వేసుకున్నారో లేదో తెలియదు, అది లెక్క ప్రకారం ముందుకు పోతూనే ఉంటుంది. కొన్ని పనుల యాప్‌లలో ఇంకో రకం నియమం ఉంటుంది: చేశాను అని నొక్కిన రోజు నుంచి మళ్లీ రోజులు లెక్కపెడుతుంది. నీళ్ల ఫిల్టరు కడగడానికి అది బాగుంటుంది. మందుకు అది వాడితే, ఒక రోజు నొక్కడం మరిచిపోయినా రెండు మాత్రల వరసలూ ఒకే రోజు మీదకు వచ్చి పడతాయి. కాబట్టి మందుకు ఎప్పుడూ తేదీని బట్టి నడిచే నియమమే పెట్టాలి.

మహేంద్రతనయ_మందులు

మరిచిపోయిన మాత్ర గురించి చీటీ రాసిన డాక్టరుగారినే ఇప్పుడే అడిగి, ఆయన చెప్పింది రిమైండర్ వివరాల్లో రాసిపెట్టండి. అవసరం వచ్చిన రోజు ఆయన ఫోన్ ఎత్తకపోవచ్చు. మామూలుగా రెండు రోజుల మాత్రలు ఒకేసారి వేసుకోమని ఎవరూ చెప్పరు.

ఈ మాత్రకు అలారం టైము కూడా ఆలోచించి పెట్టాలి. పరగడుపున వేసుకుని, కనీసం అరగంట ఆగి టీ తాగాలి, గంట ఆగితే ఇంకా మంచిది. అత్తయ్యగారు ఐదున్నరకే టీ పెట్టుకునే మనిషైతే ఆరింటి అలారం పనికిరాదు, ఐదింటికే మోగాలి. ఆవిడకు క్యాల్షియం గానీ ఐరన్ గానీ రాసి ఉంటే వాటికీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. వాటి అలారం మధ్యాహ్నం భోజనం వేళకు పెట్టండి.

బరంపురం_పెద్దాయన

పుట్టినరోజుల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెబుతాను. మా ఇంట్లో పుట్టినరోజులు, ఆబ్దికాలు తిథిని బట్టే చేస్తాం. మా అబ్బాయి నా ఫోన్‌లో వాటన్నింటినీ ప్రతి సంవత్సరం అదే తేదీకి వచ్చేట్టు పెట్టి ఇచ్చాడు. మరుసటి ఏడాదికే అన్నీ తప్పాయి. శ్రావణ బహుళ పంచమి అని పెడితే ప్రతి ఏడాదీ దానంతట వచ్చే నియమం ఫోన్‌లో ఉందా?

ఇంకో చిక్కు కూడా ఉంది. ఇక్కడ దొరికే ఒడియా పంజికలో చూస్తే అదే రోజు భాద్రవ కృష్ణ పంచమి అని ఉంటుంది. మా కోడలు దాన్ని చూసి నెల తరవాత తేదీ రాసింది.

జయపురం_లెక్కలమాస్టారు

నమస్కారం పెద్దాయనగారూ. మామూలు క్యాలెండర్‌లో ప్రతి సంవత్సరం అన్న నియమానికి ఇంగ్లీషు తేదీ ఒక్కటే తెలుసు. తిథి దానికి లొంగదు. వినాయక చవితినే చూడండి: 2024లో సెప్టెంబరు 7న వచ్చింది, 2025లో ఆగస్టు 27న వచ్చింది, 2026లో సెప్టెంబరు 14న వస్తుంది. ఒకసారి పదకొండు రోజులు వెనక్కి జరిగింది, 2026లో అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి పద్ధెనిమిది రోజులు ముందుకు పోయింది. దీన్ని ఏ సాదా నియమమూ పట్టుకోలేదు.

నేను మా ఇంటికి చేసే పద్ధతి ఇది. పునరావృతం పెట్టే రిమైండర్ ఒక్కటే: "కొత్త పంచాంగం చూసి తిథులు రాయాలి" అని ప్రతి సంవత్సరం ఏప్రిల్ 15న. ఉగాది ఎంత ఆలస్యమైనా ఆ సరికి వెళ్లిపోతుంది. 2024లో ఏప్రిల్ 9న వచ్చింది, 2026లో మార్చి 19నే వస్తుంది. ఆ రోజు కూర్చుని, ఆ ఏడాదికి తిథులు ఏ తేదీల్లో పడ్డాయో చూసి, ఒక్కొక్కటీ పునరావృతం లేని ఈవెంటుగా పెడతాను. చైత్రం మొదట్లో ఉండే తిథులు మాత్రం ఏప్రిల్ 15కు ముందే అయిపోతాయి కాబట్టి వాటిని క్రితం ఏడాదే గుర్తుపెట్టుకోవాలి. ఇది ఈ పద్ధతిలో లోటే.

పంజిక సంగతి మన సరిహద్దు ఇళ్లలో చాలామందికి ఎదురయ్యేదే. మన పంచాంగంలో నెల అమావాస్యతో ముగుస్తుంది, ఒడియా పంజికలో పున్నమితో ముగుస్తుంది. శుక్ల పక్షంలో రెండింటి నెల పేరూ ఒకటే. బహుళ పక్షంలో మాత్రం వాళ్ల నెల పేరు ఒకటి ముందుంటుంది. మనకు శ్రావణ బహుళ అష్టమి అయిన కృష్ణాష్టమి అక్కడ భాద్రవ కృష్ణ అష్టమి. రోజు ఒక్కటే. కాబట్టి రిమైండర్ వివరాల్లో "తెలుగు పంచాంగం ప్రకారం" అని రాసిపెడితే మీ కోడలుగారికీ సందేహం ఉండదు.

బరంపురం_పెద్దాయన

పంచాంగం ప్రతి ఏడాదీ కొంటూనే ఉన్నాం, ఇకనుంచి కొన్న రోజే తేదీలు రాయిస్తాను. మీరు చెప్పిన అధిక మాసం గురించి ఒక సందేహం మిగిలింది. నిజ జ్యేష్ఠంలోనే పుట్టినరోజు చేయాలని మా పురోహితుడు అంటారు, అధికంలో ఆబ్దికం విషయంలో ఇంటింటికీ ఆచారం వేరుగా ఉంది. అది ఆయననే అడిగి రాయిస్తాను.

నాగావళి_రాయగడ

మాస్టారుగారు చెప్పిన 31వ తేదీ లెక్క సరైనదే, ఒప్పుకుంటున్నాను. అదే విషయంలో బిల్లుల గురించి అడుగుతాను. నా అద్దె నెలాఖరున కట్టాలి. ప్రతి నెలా 31 అని పెట్టాను. ఫిబ్రవరిలో, ఏప్రిల్‌లో ఫోన్ దాన్ని 28కో 30కో జరుపుతుంది కదా?

జయపురం_లెక్కలమాస్టారు

జరుపుతుందని అనుకోకండి. క్యాలెండర్ యాప్‌లు అనుసరించే 2009 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5545 ప్రమాణం ప్రకారం, లేని తేదీ వచ్చిన నెలను వదిలేయాలి. గూగుల్ క్యాలెండర్ అలాగే వదిలేస్తుంది. ఫిబ్రవరి, ఏప్రిల్, జూన్, సెప్టెంబరు, నవంబరు నెలల్లో మీ రిమైండర్ అసలు రాదు, రాలేదన్న సంగతి కూడా తెలియదు. ఫిబ్రవరి 29న పుట్టినవారికి ప్రతి సంవత్సరం అని పెట్టినా ఇదే జరుగుతుంది, ఇక 2028 దాకా రాదు. నెలాఖరు బిల్లుకు 28వ తేదీ పెట్టండి, అది ప్రతి నెలలోనూ ఉంటుంది.

కరెంటు బిల్లు వేరే రకం. మన వైపు మీటరు చూసే మనిషి ఒక నెల ఐదున వస్తే ఇంకో నెల పదకొండున వస్తాడు. రిబేటు తేదీ, గడువు తేదీ బిల్లును బట్టి కదులుతాయి. అందుకని గడువు తేదీకి ప్రతి నెలా అని పెట్టకూడదు. ప్రతి నెలా 12న "కరెంటు బిల్లు వచ్చిందా?" అని ఒక రిమైండర్ పెట్టండి. బిల్లు చేతికి రాగానే దాని మీది రిబేటు తేదీ చూసి, దానికి రెండు రోజుల ముందుకు ఒక్కసారే మోగే రిమైండర్ పెట్టుకోండి. గడువు తేదీ దాకా ఆగితే జరిమానా ఉండదు గానీ రిబేటు పోతుంది.

కాశీనగరం_రైతు

మాత్ర సంగతి మందులవారు చెప్పింది అర్థమైంది. బిల్లుల విషయంలో ఆటోపే పెట్టేసుకుంటే ఇవేవీ అక్కరలేదు కదా? మా అబ్బాయి యూపీఐలో పెట్టాడు, దానంతట కట్టుకుపోతోంది.

పాతపట్నం_సెల్‌పాయింట్

ఆటోపే మంచిదే, కానీ ఖాతాలో డబ్బు లేని రోజు అది కట్టదు. డబ్బు తీసుకునే ముందు రోజు మెసేజ్ వస్తుంది, మనవాళ్లు దాన్ని చదవరు. ఆటోపే ఉన్నవాళ్లు బిల్లు రిమైండర్ బదులు "ఖాతాలో డబ్బు ఉందా" అని నాలుగు రోజుల ముందు ఒకటి పెట్టుకుంటే చాలు.

రీఛార్జి గురించి కోడలుగారు అడిగారు. 28 రోజుల ప్యాక్ అయితే ప్రతి నెలా అని పెట్టకండి. ప్రతి 4 వారాలకు అని పెట్టండి. 28 అంటే సరిగ్గా నాలుగు వారాలు కాబట్టి ఎప్పుడూ అదే వారం నాడు వస్తుంది. 84 రోజులదైతే 12 వారాలు. ప్రతి నెలా అని పెడితే ఫిబ్రవరి తప్ప మిగతా నెలల్లో రిమైండర్ రెండు మూడు రోజులు ఆలస్యంగా మోగుతుంది, ఆ లోపలే సిమ్ ఆగుతుంది. ట్రాయ్ 2022లో ఆదేశం ఇచ్చాక ప్రతి కంపెనీ దగ్గరా నెలనెలా అదే తేదీకి రెన్యూ అయ్యే ప్లాన్ కూడా ఉండాలి. అది తీసుకున్నవాళ్లకు మాత్రం ప్రతి నెలా అన్న నియమమే సరైనది. గడువుకు ముందే రీఛార్జి చేస్తే లెక్క ఒక్కో ప్లాన్‌లో ఒక్కోలా ఉంటుంది, కాబట్టి రీఛార్జి చేసిన ప్రతిసారీ మెసేజ్‌లో వచ్చిన కొత్త గడువు తేదీతో పోల్చి చూసుకోండి.

గుణుపురం_కోడలు

అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం గుణుపురం వెళ్లి ఫోన్ మొత్తం సరిచేశాం. గడియారంలో ఐదుంబావుకు రోజూ ఒకే అలారం. క్యాలెండర్‌లో 100, 75 రెండు వరసలు, ఏప్రిల్ 26 దాకా. ఏప్రిల్ 20న రక్తపరీక్షకు ఒకటి. కరెంటు బిల్లుకు 12న ప్రశ్న, రీఛార్జికి 4 వారాలు. మనవల పుట్టినరోజులు ఇంగ్లీషు తేదీలే కాబట్టి ప్రతి సంవత్సరం అని పెట్టి, బట్టలు కొని పంపే వ్యవధి ఉండేలా వారం ముందు ఒకసారి, ఆ రోజు ఒకసారి వచ్చేట్టు చేశాను.

ఈ క్యాలెండర్‌ను నా ఫోన్‌కు కూడా పంచుకున్నాను. ఇక్కడొక ప్రశ్న. మోతాదు మారితే రాయగడ నుంచే నేను మార్చవచ్చా? ఒక ఈవెంటు మార్చి చూస్తే మూడు రకాలుగా అడిగింది, భయపడి వదిలేశాను.

88 మాత్ర గురించి డాక్టరుగారిని ఫోన్‌లో అడిగాను. పరీక్ష ఫలితం చూశాక చెబుతానన్నారు. అప్పటిదాకా రాసినట్టే వేసుకోమన్నారు. మరిచిపోతే, ఆ రోజే గుర్తొస్తే వేసుకోవాలి, మరుసటి రోజు అయితే ఆ రోజుది మాత్రమే వేసుకోవాలి అన్నారు. అది ఒడియాలో రాసి రిమైండర్‌లో పెట్టాను.

జయపురం_లెక్కలమాస్టారు

పంచుకునేటప్పుడు మార్చే హక్కు కూడా మీకు ఇచ్చి ఉంటే రాయగడ నుంచే మార్చవచ్చు. ఆ మూడింటిలో This and following events ఎంచుకోండి. This event అంటే ఆ ఒక్క రోజే మారుతుంది, మళ్లీ పాత మాత్రే వస్తుంది. All events అంటే జరిగిపోయిన రోజులు కూడా మారిపోతాయి. డాక్టరుగారు మార్చిలో ఏ మోతాదు వేసుకున్నారని అడిగితే చూపించడానికి ఏమీ మిగలదు. నిజానికి మోతాదు మారినప్పుడు పాత వరసను ముగించి, కొత్త పేరుతో కొత్త వరస మొదలుపెట్టడం ఇంకా శుభ్రంగా ఉంటుంది.

మార్చాక అత్తయ్యగారి ఫోన్‌లో ఇంటర్నెట్ వచ్చేదాకా ఆ మార్పు అక్కడికి చేరదు. కాబట్టి మార్చిన రోజు ఫోన్ చేసి, రేపటికి ఏ అంకె కనిపిస్తోందో ఆవిడ చేత చదివించండి.

మహేంద్రతనయ_మందులు

ఏప్రిల్ 20 పరీక్షకు నా మాట ఒకటి. ఆ రోజు పొద్దున రక్తం ఇచ్చాక మాత్ర వేసుకోవాలా, ముందే వేసుకోవాలా అని ల్యాబ్‌నూ డాక్టరుగారినీ అడిగి, ఆ రోజు ఈవెంటులోనే రాయండి. గడియారం అలారం ఐదుంబావుకు ఆ రోజూ మోగుతుంది. దానికి రక్తపరీక్ష సంగతి తెలియదు.

నాగావళి_రాయగడ

అద్దె రిమైండర్ 28కి మార్చాను. వారాల పద్ధతి మంచిదా, 2 రోజుల పద్ధతి మంచిదా అన్నది మాత్రం నాకు ఇంకా తేలలేదు. మా నాన్నగారు విడ్జెట్ చూడరు, ఏ వారమో మాత్రం ఎప్పుడూ చెప్పగలరు. ఆయన మందుకు వారం పేర్లు చెల్లుతాయో లేదో చీటీ తీసుకుని డాక్టరు దగ్గరకు వెళ్లి అడుగుతాను.